డికాక్షన్ దిగడం లేదా? కాఫీ ఫిల్టర్ చిల్లులు, టీ జాలీ శుభ్రం చేసే పద్ధతి

రాత్రి పడుకునే ముందు ఫిల్టర్‌లో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడతాం. పొద్దున లేచేసరికి కింది గిన్నెలో చిక్కటి డికాక్షన్ ఉండాలి. అలా కాకుండా సగం నీళ్ళు పైనే నిలిచిపోయి, కింద నాలుగు చెంచాలు మాత్రమే దిగి ఉంటే, చాలా ఇళ్ళలో వెంటనే చేసే పని సూది తీసుకుని చిల్లులు పొడవడం. లేదంటే స్టీలు పీచుతో బరబరా రుద్దడం. ఆ రోజుకి బాగానే దిగుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ మామూలే. చిల్లులో ఏం పేరుకుందో చూడకుండా పొడిచాం కాబట్టి అలా అవుతుంది.

ఫిల్టర్ చిల్లుల్లో పేరుకునేవి మూడు. మొదటిది కాఫీ పొడిలోని మరీ సన్నటి నుసి. రెండోది కాఫీ గింజలోని నూనె, చికోరీ జిగురు కలిసి పట్టిన గోధుమరంగు జిడ్డు. మూడోది నీళ్ళలోని సున్నం గట్టిపడిన తెల్లటి పెచ్చు. నుసి ఉత్త నీళ్ళకే పోతుంది. జిడ్డుని వదిలించాలంటే సోడా కావాలి, పులుపు దాన్ని ఏమీ చేయలేదు. సున్నం పులుపుకి కరుగుతుంది, సోడాకి కదలదు. పాత ఫిల్టర్‌లో ఇవి విడివిడిగా ఉండవు. సున్నం మీద జిడ్డు, జిడ్డులో నుసి ఇరుక్కుని పొరలుగా ఉంటాయి. జిడ్డు పొర పైన ఉండగా నిమ్మరసం పోస్తే అది సున్నం దాకా వెళ్ళనే వెళ్ళదు. అందుకే ముందు నీళ్ళు, తర్వాత సోడా, ఆ తర్వాతే పులుపు. ఈ వరస మార్చకండి.

సోడా, నిమ్మరసం ఒకేసారి కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది కదా, అది చూసి బాగా పనిచేస్తోందని అనుకుంటారు. నిజానికి ఆ పొంగులో రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొంగు తగ్గాక గిన్నెలో మిగిలేది కాస్త ఉప్పు నీళ్ళ లాంటిదే. అది జిడ్డునీ తీయదు, సున్నాన్నీ తీయదు.

ముందు చూడాల్సింది: అసలు చిల్లులు మూసుకున్నాయా?

డికాక్షన్ దిగకపోవడానికి చిల్లులే కారణం కావాలని లేదు. శుభ్రం చేసే పని మొదలుపెట్టే ముందు మరో రెండు కారణాలు చూసుకోవాలి.

ఒకటి గాలి. పై గిన్నె కింది గిన్నెలో బిగుతుగా కూర్చుంటే, అంచు తడిగా కూడా ఉంటే, కింది గిన్నెలోని గాలి బయటికి పోలేదు. కింద గాలి కదలకపోతే పైనుంచి నీళ్ళు దిగవు. డికాక్షన్ మొదట్లో కాస్త దిగి ఆగిపోయినప్పుడు పై గిన్నెను కొద్దిగా ఎత్తి, ఒక పక్కకి తిప్పి మళ్ళీ పెట్టండి. వెంటనే టపటపా చుక్కలు పడితే మీ ఫిల్టర్‌కి ఏ జబ్బూ లేదు. రోజూ పై గిన్నెను కాస్త వదులుగా కూర్చోబెడితే చాలు.

రెండోది పొడి. మరీ మెత్తగా ఆడించిన పొడి, చికోరీ ఎక్కువున్న పొడి నీళ్ళు తగలగానే ముద్దలా బిగుసుకుంటాయి. కాఫీ, చికోరీ కలిపి అమ్మే పొడిలో చట్టం ప్రకారం కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చన్నమాట. ఎంత ఉందో ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, ఒకసారి చూడండి. గొడుగు లాంటి బిళ్ళను పొడి మీద గట్టిగా అదిమినా ఇదే ఇబ్బంది. అది పొడిని సమంగా పరచడానికే, నొక్కడానికి కాదు.

ఈ రెండూ కాదని తేల్చుకోవడానికి ఖాళీ ఫిల్టర్‌తో ఒక పరీక్ష చేయండి. పై గిన్నె కడిగి, పొడి వేయకుండా, బిళ్ళ పెట్టకుండా సింకు మీద పట్టుకుని ఒక గ్లాసు వేడి నీళ్ళు ఒక్కసారిగా పోయండి. కొద్దికొద్దిగా పోస్తే చిల్లుల్లో నీటి పొర నిలిచిపోయి పరీక్ష తప్పుతుంది. బాగున్న ఫిల్టర్‌లోంచి అడుగంతా ఒకేసారి జల్లులా పడి, గిన్నె చకచకా ఖాళీ అవుతుంది. ఒక పక్కనుంచి మాత్రమే ధార వచ్చినా, చుక్కలు చుక్కలుగా పడినా చిల్లులు మూసుకున్నట్టే.

తర్వాత గిన్నెను గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. తడిగా ఉండగా చూడొద్దు, నీటి పొర వల్ల తెరుచుకున్న చిల్లు కూడా మసగ్గా కనిపిస్తుంది. సెల్‌ఫోన్ టార్చ్ కింద పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఏ చిల్లు నిండా వెలుగు వస్తోంది, ఏది సగమే వస్తోంది, ఏది చీకటిగా ఉంది, అంతా కనబడుతుంది. సాధారణంగా మధ్యలో బాగానే ఉంటుంది. అడుగూ గోడా కలిసే మూల చుట్టూ ఉన్న చిల్లులు మూసుకుని ఉంటాయి, అక్కడికి చెయ్యీ పీచూ సరిగా వెళ్ళవు కాబట్టి.

ఇప్పుడు గిన్నెను బోర్లించి అడుగును బయటివైపు నుంచి చూడండి. కడిగాక ప్రతి చిల్లు కింద ఒక్కో నీటిచుక్క వేలాడి అక్కడే ఆరిపోతుంది. బోరు నీళ్ళయితే ఆ చుక్కలోని సున్నం చిల్లు అంచునే మిగిలిపోతుంది. రోజూ అలా జరిగి చిల్లు చుట్టూ సన్నటి తెల్లటి వలయం ఏర్పడుతుంది. గోటితో గీస్తే పిండిలా రాలితే అది సున్నమే. గోటికి బంకగా, గోధుమరంగుగా అంటితే జిడ్డు. వాసన కూడా చూడండి. జిడ్డు పట్టిన ఫిల్టర్ ఆరాక కూడా పాత నూనె వాసన వేస్తుంది. మంచి పొడి వేసినా డికాక్షన్‌లో ఒక ముక్కిపోయిన రుచి వస్తోందంటే కారణం చాలాసార్లు అదే.

మొదట నీళ్ళు, అదీ కిందనుంచి

నుసి పైనుంచి వచ్చి చిల్లులో ఇరుక్కుంది. పైనుంచి ఇంకా నీళ్ళు పోసినా, పైనుంచి రుద్దినా అది మరింత లోపలికి బిగుస్తుంది. వచ్చిన దారినే వెనక్కి పంపాలి. పై గిన్నెను బోర్లించి, కుళాయి ధార చిల్లుల మీద సూటిగా పడేట్టు పట్టుకోండి. ధార జోరుగా ఉండాలి. గిన్నెను నెమ్మదిగా తిప్పుతూ అంచు చుట్టూ కూడా పడనివ్వండి. తర్వాత పాత టూత్ బ్రష్ తీసుకుని, బయటివైపు నుంచే, కుచ్చు నిలువుగా ఆనించి పొడిచినట్టుగా కొట్టండి. అడ్డంగా రుద్దితే బ్రష్ వెంట్రుకలు చిల్లుల్లోకి దిగవు. ఫిల్టర్ కొత్తదై, అడ్డం పడింది నుసి మాత్రమే అయితే పని ఇక్కడితో అయిపోతుంది.

బిళ్ళకి కూడా చిల్లులుంటాయని మర్చిపోవద్దు. పై గిన్నె ఎంత శుభ్రంగా ఉన్నా బిళ్ళ మూసుకుంటే నీళ్ళు దాని మీదే నిలిచిపోతాయి. ఇకనుంచి గిన్నెకి చేసేదంతా బిళ్ళకీ చేయండి.

సోడాలో కాచడం

పై గిన్నె, బిళ్ళ రెండూ మునిగేంత వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి. అందులో లీటరు నీళ్ళు వేడి చేసి, రెండు పెద్ద చెంచాల వంటసోడా కొంచెం కొంచెంగా వేయండి. మరిగే నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే పొంగి స్టవ్ మీద పడుతుంది. నీళ్ళు మరిగేకొద్దీ వంటసోడాలోని గ్యాస్ బయటికి పోయి, అది మెల్లగా చాకలి సోడాగా మారుతుంది. ఘాటు పెరుగుతుంది. అందుకే సోడా నీళ్ళలో ఊరికే నానబెట్టడం కన్నా కాచడం బాగా పనిచేస్తుంది.

ఫిల్టర్ గిన్నెను అందులో బోర్లా పెట్టకండి, పక్కకి పడుకోబెట్టండి. చిల్లులు మూసుకున్న గిన్నెను బోర్లిస్తే లోపల గాలి చిక్కుకుపోతుంది, నీళ్ళు తగలాల్సిన అడుగుకే తగలవు. సన్నటి మంట మీద పది పదిహేను నిమిషాలు కాచి, మధ్యలో ఒకసారి తిప్పి, స్టవ్ ఆపి మరో అరగంట అలాగే వదిలేయండి. నీళ్ళు పలచటి టీ రంగులోకి మారితే జిడ్డు వదులుతోందని గుర్తు. రంగు ముదురుగా వచ్చిందంటే ఇంకా మిగిలే ఉంటుంది. ఆ నీళ్ళు పారబోసి కొత్త సోడా నీళ్ళలో ఇంకోసారి కాచండి. తర్వాత చేతికి తగిన వేడి ఉండగానే, మళ్ళీ బయటివైపు నుంచి బ్రష్‌తో కొట్టి, కుళాయి కింద కడగండి. చల్లారిపోయాక జిడ్డు మళ్ళీ పట్టేసుకుంటుంది.

ఇదంతా స్టీలు ఫిల్టర్ మాట. బిళ్ళ కాడకి, మూతకి ప్లాస్టిక్ గుబ్బ ఉంటే దాన్ని మరిగే నీళ్ళలో ముంచకండి. పాత అల్యూమినియం ఫిల్టర్‌కి సోడా అసలు వద్దు. నల్లబడుతుంది, లోహం కూడా తినేస్తుంది. దానికి పాత్రల సబ్బు, వేడి నీళ్ళు, బ్రష్ చాలు. ఇత్తడి ఫిల్టర్‌కి లోపల కళాయి ఉంటే స్టీలు పీచు తగలనివ్వకండి. కళాయి పోయిందనిపిస్తే ముందు మళ్ళీ కళాయి పెట్టించి, ఆ తర్వాతే వాడండి.

పులుపు

సోడా నీళ్ళు పూర్తిగా పోయేలా కడిగాక గిన్నెను ఆరనిచ్చి మళ్ళీ వెలుగులో చూడండి. చిల్లులన్నీ తెరుచుకుంటే ఇక పులుపుతో పనిలేదు. తెల్లటి వలయాలు మిగిలి ఉంటేనే ఈ అంచె.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇస్తారు. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు కరిగించండి. ముందు ఒక చుక్క తెల్లటి చోట వేసి చూడండి. సన్నటి బుడగలు లేస్తే అది సున్నమే, పులుపు పనిచేస్తుంది. బుడగలు రాకపోతే అక్కడ ఉన్నది ఇంకా జిడ్డే, మళ్ళీ సోడా అంచెకే వెళ్ళాలి. ఒక్క చుక్కతో తేలే ఈ సంగతి తెలియక, చాలామంది నిమ్మచెక్కలు అరగదీస్తూ కూర్చుంటారు.

ఒక లోతు పళ్ళెంలో ఆ పులుపు నీళ్ళు పోసి, ఫిల్టర్ అడుగు మాత్రం మునిగేలా నిలబెట్టండి. గిన్నె మొత్తం ముంచక్కర్లేదు. బుడగలు ఆగేదాకా, అంటే సుమారు అరగంట ఉంచితే సరిపోతుంది. తర్వాత బ్రష్‌తో కొట్టి కడగండి. నిమ్మ ఉప్పు దొరక్కపోతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి వాడుకోవచ్చు, కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. ఇత్తడికి చింతపండు పులుసే మంచిది, అదీ ఐదు నిమిషాలకి మించి వద్దు. ఇత్తడిని పులుపులో ఎక్కువసేపు ఉంచితే అందులోని జింకు కరిగిపోయి పైన గులాబీ రంగు రాగి మరకలు తేలతాయి.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌ని, బ్లీచింగ్‌ని ఈ పనికి దగ్గరికి రానివ్వకండి. రెండూ స్టీలుని గుంటలు పడేలా తింటాయి. పొరపాటున రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇది మనం నోట్లో పోసుకునే డికాక్షన్ దిగే పాత్ర.

సూది, చివర్లోనే

ఇంత చేశాక కూడా ఒకటీ అరా చిల్లులు తెరుచుకోకపోతే అప్పుడు సూది తీయండి. బట్టలు కుట్టే సన్న సూది, చిల్లు కన్నా సన్నగా ఉండాలి. బయటివైపు నుంచి, నిటారుగా, బలం పెట్టకుండా గుచ్చి తీసేయాలి. పులుపు తర్వాత మిగిలింది మెత్తబడి ఉంటుంది కాబట్టి ఒక్క తాకిడికే ఊడుతుంది. ఊడకపోతే సూదిని తిప్పి తిప్పి పొడవకండి, మళ్ళీ పులుపులో నానబెట్టండి. పలచటి రేకులో చిల్లు ఒకసారి పెద్దదైతే వెనక్కి రాదు. ఆ చిల్లులోంచి పొడి డికాక్షన్‌లోకి దిగి, కాఫీ కప్పు అడుగున మడ్డి కనిపిస్తుంది. అలాంటి పెద్ద చిల్లులు నాలుగైదు ఉన్నాయంటే నీళ్ళు కూడా వాటిగుండానే తొందరగా జారిపోతాయి. పొడి సరిగా నానదు, డికాక్షన్ పలచబడుతుంది.

గుంటూరులో ఒక ఫిల్టర్ సంగతి

బ్రాడీపేటలో మా పై ఫ్లోర్ అత్తయ్య గారి ఫిల్టర్‌తో ఈ వరస మొత్తం చేసే అవకాశం వచ్చింది. నలుగురికి సరిపడే స్టీలు ఫిల్టర్. అపార్ట్‌మెంట్‌లో వంటింటి కుళాయికి బోరు నీళ్ళు వస్తాయి. డికాక్షన్‌కి మాత్రం ఆవిడ క్యాన్ నీళ్ళే వాడతారు. రాత్రి పోసిన నీళ్ళు పొద్దునకి సగమే దిగుతున్నాయి.

“పొడి కొట్టతను ఈసారి మరీ మెత్తగా ఆడించినట్టున్నాడమ్మా, మార్చి తెచ్చుకుంటాను” అన్నారు.

“ముందు ఖాళీ ఫిల్టర్‌లో నీళ్ళు పోసి చూద్దాం అత్తయ్య గారూ” అన్నాను.

పోస్తే మధ్యలోంచి మాత్రమే సన్నటి ధార వచ్చింది. ఫోన్ టార్చ్ పెట్టి చూస్తే మూల చుట్టూ ఉన్న వరసలు పూర్తిగా చీకటి. లోపలివైపు గోరు పెడితే గోధుమరంగు బంక, బయటివైపు తెల్లటి పెచ్చు. కారణం పొడి కాదని అప్పుడే అర్థమైంది. కాఫీకి పోసేది మంచి నీళ్ళే అయినా, ఫిల్టర్ కడిగేది బోరు నీళ్ళతో. కడిగిన గిన్నెను అలాగే నిలబెట్టి ఆరబెడతారు. చుక్కలన్నీ అడుగునే ఆరుతున్నాయి.

సోడాలో మొదటిసారి కాస్తే నీళ్ళు ముదురు టీ రంగులోకి వచ్చాయి. రెండోసారి దాదాపు తేటగా ఉన్నాయి. కడిగి చూస్తే మూల వరసల్లో సగం చిల్లులు తెరుచుకున్నాయి, ఆ పాత నూనె వాసన పూర్తిగా పోయింది. కానీ నీళ్ళు ఇంకా జల్లులా పడలేదు. నిమ్మ ఉప్పు నీళ్ళు ఒక చుక్క బయట వేస్తే బుడగలు లేచాయి. అడుగు మునిగేలా నిలబెట్టి, బుడగలు ఆగాక బ్రష్‌తో కొడితే పళ్ళెంలో తెల్లటి పిండి దిగింది. చివరికి సూది అవసరమైన చిల్లులు నాలుగైదు మించలేదు. మళ్ళీ గ్లాసు నీళ్ళు పోస్తే అడుగంతా ఒక్కసారిగా కురిసింది. అదే పొడితో ఆ రాత్రి పోసిన డికాక్షన్ ఆవిడ పడుకునేలోపే దిగిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మార్చుకున్నది రెండే. కడిగాక గిన్నెను గట్టిగా విదిలించి, అడుగును బయటివైపు నుంచి గుడ్డతో తుడుస్తారు. ఆఖరిసారి కడిగేందుకు క్యాన్ నీళ్ళు ఒక అరగ్లాసు వాడతారు. సున్నం పేరుకోవాలంటే చుక్క అక్కడ ఆరాలి, చుక్కే లేకపోతే పెచ్చూ లేదు.

టీ జాలీకి లెక్క వేరు

టీ వడగట్టే సన్న జాలీలో పేరుకునేది వేరు. డస్ట్ టీ నుసి సరే, దాన్ని తీగల మధ్య అతికించేవి పాలు. పాలలోని మాంసకృత్తులు, కొవ్వు, టీలోని వగరు, చక్కెర అన్నీ కలిసి జాలీ కళ్ళ మీద పలచటి పొరలా పరుచుకుంటాయి. జాలీని వెలుగుకి పెడితే తీగల మధ్య ఖాళీ కనిపించాల్సిన చోట లేత గోధుమరంగు చర్మం లాంటిది కనిపిస్తుంది. టీ పోయగానే జాలీ నిండిపోయి అంచుల మీదుగా పొర్లుతుందంటే ఈ పొర పట్టిందనే అర్థం.

ఇక్కడ నిమ్మకాయ ముందు పట్టుకోవడం పెద్ద పొరపాటు. పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో తెలిసిందే కదా, జాలీ మీది పాల పొరకి కూడా అదే అవుతుంది, విరిగి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పాల పొరని వదులు చేసేది సోడానే.

స్టీలు జాలీ అయితే పైన చెప్పిన సోడా నీళ్ళలోనే పది నిమిషాలు కాచి, వేడిగా ఉండగానే వెనకవైపు నుంచి, అంటే టీ పోసే వైపు కాకుండా కిందివైపు నుంచి, బ్రష్‌తో మెల్లగా కొట్టి ధార కింద పట్టండి. అంచు రింగులో జాలీ దూరిన చోట బ్రష్‌ని ఏటవాలుగా పెట్టి చుట్టూ తిప్పండి. పాత నుసి ఎక్కువగా దాక్కునేది అక్కడే. సూది ఇక్కడ వద్దే వద్దు. అల్లిన తీగలు పక్కకి జరిగిపోయి ఒక కన్ను పెద్దదై, పక్కది మూసుకుంటుంది. ప్లాస్టిక్ రింగుకి నైలాన్ గుడ్డ అతికించిన జాలీని కాచకండి. చెయ్యి పెట్టగలిగినంత వేడి సోడా నీళ్ళలో గంటసేపు నానబెట్టి, అదే పద్ధతిలో బ్రష్ చేయండి.

చాలామంది స్టీలు జాలీని నేరుగా స్టవ్ మంట మీద పెట్టి కాలుస్తారు. ఇది పనిచేస్తుంది, కాదనను. పాల పొర, టీ నుసి రెండూ కాలి బూడిదవుతాయి, తట్టితే రాలిపోతాయి. కానీ ఆ తీగ వెంట్రుకంత సన్నటిది. ఎర్రగా కాలిన ప్రతిసారీ దాని పైపొర కొంత దెబ్బతిని నీలంగా, నల్లగా మారుతుంది. అక్కడ తర్వాత తుప్పు మొదలై, పెళుసెక్కి తీగ తెగుతుంది. అందుకని సోడాకి లొంగనప్పుడు మాత్రమే, ఎప్పుడో ఒకసారి చేయండి. పిడితో సహా అంతా స్టీలు అయితేనే చేయండి. పట్టకారుతో పట్టుకుని, మధ్యస్తంగా ఉన్న మంట మీద జాలీని కదుపుతూ, పొగ రావడం ఆగగానే తీసేయాలి. ఎర్రబడేదాకా ఉంచక్కర్లేదు. వేడి మీద చన్నీళ్ళలో ముంచితే జాలీ ముడుచుకుపోయి రింగునుంచి ఊడుతుంది. దాని మానాన చల్లారనిచ్చి, సింకు అంచుకి మెల్లగా తట్టి, బ్రష్ చేసి కడగండి. వంటింటి కిటికీ తెరిచే ఉంచండి, కాలిన పాల వాసన త్వరగా పోదు.

కాల్చడం దాకా రాకుండా ఉండాలంటే టీ వడగట్టిన నిమిషంలోనే జాలీని తిరగేసి కుళాయి కింద పట్టండి. తడి పొర ధారకే పోతుంది. ఎండిన పొరకి సోడా, మంట, బ్రష్ అన్నీ కావాలి. అతిథులు వచ్చి వెంటనే కడిగే వీల్లేకపోతే ఒక గిన్నెడు నీళ్ళలో వేసి ఉంచినా చాలు, ఎండకుండా ఉంటుంది.

ఫిల్టర్‌కి కూడా అంతే. డికాక్షన్ పూర్తిగా దిగాక పిప్పిని రోజంతా అందులోనే ఉంచకండి. పిప్పి ఆరేకొద్దీ నూనె చిల్లుల్లో బిగుస్తుంది. పిప్పిని తట్టి కుండీలోనో చెత్తబుట్టలోనో వేయండి. సింకులో వేస్తే అక్కడ జిడ్డుతో కలిసి పైపుకి అడ్డం పడుతుంది. రోజూ కాఫీ పెట్టే ఇంట్లో నెలకోసారి సోడాలో కాస్తే సరిపోతుంది. బోరు నీళ్ళున్న చోట రెండు మూడు నెలలకోసారి పులుపు అంచె కూడా చేయండి.

ఇక ఎప్పుడు పారేయాలి? ఫిల్టర్‌లో చిల్లులు కంటికి తెలిసేంత పెద్దవైతే, రేకు అడుగు వంగి పొడి ఒక వైపుకే జారుతుంటే మార్చేయండి. టీ జాలీలో ఒక్క తీగ తెగినా వెంటనే తీసేయండి. వేలితో మెల్లగా రాస్తే తెగిన తీగ కొన గుచ్చుకుంటుంది, అలా తెలుస్తుంది. ఆ ముక్క టీలో పడితే కనబడదు, గొంతులో గుచ్చుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు రెండు పొరల జాలీ తీసుకోకండి. టీ బాగా వడగడుతుంది కానీ రెండు పొరల మధ్య చేరిన నుసిని ఏ బ్రష్షూ తీయలేదు. ఒకే పొర, అంచు రింగు గట్టిగా నొక్కి ఉన్నది చూసి, కొట్లోనే వెలుగుకి పెట్టి కళ్ళన్నీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి.